మొటిమల ముఖానికి ఫేషియల్: నేను చూసిన లాభం, నేను పడ్డ ఇబ్బంది

నాది జిడ్డు చర్మం. నుదుటి మీద చేత్తో తడిమితే తప్ప తెలియని చిన్న చిన్న గింజలు, ముక్కు మీద నల్ల చుక్కలు, అప్పుడప్పుడు గడ్డం పక్కన నొప్పితో లేచే ఎర్రటి మొటిమలు. ఇలాంటి చర్మం ఉన్నవాళ్లకి పార్లర్‌లో మొదట వినిపించే మాట, "క్లీనప్ రెగ్యులర్‌గా చేయించుకోండి మేడమ్, లోపలున్న మురికంతా పోతుంది" అని. నేను చాలాకాలం నెలకోసారి ఫేషియల్ చేయించుకున్నాను. ఆ తర్వాత స్కిన్ డాక్టర్ దగ్గర మందు వాడి, అక్కడే బ్లాక్‌హెడ్స్, వైట్‌హెడ్స్ తీయించుకున్నాను. రెండూ ఒకే ముఖం మీద జరిగాయి కాబట్టి ఏది ఎంతవరకు పనిచేస్తుందో నాకు దగ్గరగా తెలిసింది.

ముందు పార్లర్ సంగతి. క్లెన్సింగ్ మిల్క్‌తో తుడవడం, గరుకు స్క్రబ్‌తో రుద్దడం, పది నిమిషాల స్టీమ్, ఆ తర్వాత లోహపు కడ్డీతో బ్లాక్‌హెడ్స్ నొక్కి తీయడం, చాలాసేపు క్రీమ్ మసాజ్, చివర్లో ప్యాక్. బయటికి వచ్చేసరికి ముఖం నిజంగానే బాగుండేది. ఆ బాగుండడం భ్రమేమీ కాదు. మసాజ్‌కీ వేడికీ చర్మంలో రక్తప్రసరణ పెరిగి రంగు తేలుతుంది, అది కొన్ని గంటలు ఉంటుంది. పై పొర నీటిని పీల్చుకుని కాస్త ఉబ్బడం వల్ల సన్నటి గీతలు కనబడవు, అది ఒకటి రెండు రోజులు. మృతకణాలు రాలిపోయి ఉపరితలం నున్నబడుతుంది కాబట్టి వెలుతురు సమానంగా పడుతుంది, అది ఇంకొన్ని రోజులు. ముక్కు మీద తీసిన నల్ల చుక్కలు కొన్ని వారాలపాటు కనిపించవు. వీటితోపాటు గంటసేపు కళ్లు మూసుకుని పడుకునే విశ్రాంతి కూడా ఉంది, దాన్ని నేను తక్కువ చేయను.

అంతకుమించి చెప్పేవేవీ నా ముఖం మీద కనబడలేదు, కనబడే అవకాశమూ లేదు. ఆవిరి పడితే రంధ్రాలు తెరుచుకుని, చల్లటి ప్యాక్‌తో మూసుకుంటాయని అంటారు. ఆ రంధ్రాలకి తెరుచుకోవడానికీ మూసుకోవడానికీ కండరం లేదు. ఆవిరి చేసే పని లోపలి జిడ్డుబిళ్లని కాస్త మెత్తబరచడం, అంతే. విషాలు బయటికి పోతాయన్నది కూడా అంతే, శరీరంలో ఆ పని కాలేయం, మూత్రపిండాలు చేస్తాయి. బ్లాక్‌హెడ్ నలుపు మురికి కాదు. రంధ్రం నోరు తెరిచి ఉండడంతో లోపలున్న కొవ్వు, చర్మపు రంగుపదార్థం గాలి తగిలి నల్లబడతాయి. ఎంత రుద్ది కడిగినా అది పోకపోవడానికి కారణం ఇదే.

ఇక ఇబ్బంది. ఫేషియల్ అయిన మర్నాడో మూడోనాడో ఏదైనా లేస్తే ఎవరైనా అనుమానిస్తారు. నాకు అలా జరగలేదు. రెండు మూడు వారాలు గడిచాక చెంపల కింది భాగంలో, దవడ ఎముక వెంబడి లోతుగా గట్టి గడ్డలు వచ్చేవి. వాటికి తల ఉండదు, చీము కనబడదు, ముట్టుకుంటే లోపల నొప్పి. తగ్గడానికి వారాలు పట్టేది, తగ్గాక గోధుమరంగు మచ్చ మిగిలేది. ఆ మచ్చలు పోవాలని మళ్లీ ఫేషియల్, దాని వెనకే మళ్లీ గడ్డలు. మధ్యలో అంత వ్యవధి ఉండడంతో ఈ రెండింటికీ సంబంధం ఉందని ఊహించడం కష్టం. నేను ఫోన్ క్యాలెండర్‌లో రెండింటి తేదీలూ రాసుకోవడం మొదలుపెట్టాకే ఆ క్రమం బయటపడింది. నుదుటి మీద, గడ్డం కింద మామూలుగా వచ్చేవి వస్తూనే ఉన్నాయి. చెంపల మీద గడ్డలు మాత్రం ఫేషియల్ తర్వాతే వస్తున్నాయి, అదీ మసాజ్‌లో వేళ్లు గట్టిగా నొక్కుతూ పైకి లాగే దారిలోనే.

ఆ తేదీలు పట్టుకుని స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్లాను. ఆవిడ పెద్ద లైటు కింద భూతద్దంతో ముఖమంతా చూసి, మొదట చేసిన పని నా ముఖం మీద ఏవేవి ఉన్నాయో విడదీసి చెప్పడం. ఎక్స్‌ట్రాక్షన్, అంటే గింజలని నొక్కి తీయడం గురించి తెలుసుకోవలసిందంతా నాకు ఆ కాసేపట్లోనే అర్థమైంది.

ముక్కు మీద నేను బ్లాక్‌హెడ్స్ అనుకున్నవాటిలో ఎక్కువ భాగం బ్లాక్‌హెడ్స్ కావు. వరుసగా, ఒకే సైజులో, లేత బూడిదరంగులో ఉండే ఆ చుక్కలు నూనె గ్రంథి నుంచి నూనె పైకి వచ్చే దారిలో సహజంగా ఉండే సన్నటి పోగులు. అందరి ముక్కు మీదా ఉంటాయి, జిడ్డు చర్మం వాళ్లకి కాస్త ప్రస్ఫుటంగా కనిపిస్తాయి. నొక్కితే తెల్లటి దారంలా బయటికి వస్తాయి, నెల తిరక్కుండానే మళ్లీ నిండుతాయి. వీటిని తీయడం వల్ల ఏ జబ్బూ తగ్గదు, ఎందుకంటే అవి జబ్బు కావు. అసలైన బ్లాక్‌హెడ్ ముదురు నలుపుతో, విడిగా, కొంచెం పెద్దగా, గట్టి బిళ్లలా ఉంటుంది. అలాంటివి నాకు గడ్డం మీద, చెవి ముందు కొన్నే ఉన్నాయి.

నుదుటి మీద గింజలు వైట్‌హెడ్స్. రంధ్రం నోరు మూసుకుపోయి లోపల జిడ్డు, కణాలు పేరుకున్నవి. చర్మాన్ని రెండు వేళ్లతో కాస్త సాగదీస్తే తెల్లగా కనబడతాయి, నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. మూడో రకం ఎర్రటి మొటిమలు, చీము పట్టినవి, లోతు గడ్డలు. "మొదటి రెండు రకాలనే తీయొచ్చమ్మా. ఈ మూడోదాన్ని ఎవరూ నొక్కకూడదు, నేను కూడా నొక్కను" అన్నారావిడ.

ఎందుకో కూడా చెప్పారు. మొటిమ పుట్టే చోట చర్మంలోకి దిగిన ఒక సన్నటి గొట్టం ఉంటుంది. లోపల వాపు మొదలైతే ఆ గొట్టం గోడ పలచబడుతుంది. అప్పుడు బయటినుంచి నొక్కితే, మూత బిగుసుకున్న ట్యూబ్‌ని నొక్కినప్పుడు పేస్టు పక్కనుంచి చీల్చుకుని వచ్చినట్టు, లోపలి సరుకు పైకి రాకుండా గోడ పగిలి చర్మం లోతుల్లోకి పోతుంది. అక్కడ శరీరం దాన్ని పరాయి పదార్థంగా చూసి గట్టిగా ఎదుర్కొంటుంది. ఫలితంగా కొద్ది రోజుల్లో తగ్గాల్సిన మొటిమ వారాలు నిలిచే గడ్డ అవుతుంది. లోతుగా దెబ్బతిన్న చోట గుంట పడుతుంది. చామనఛాయ, అంతకంటే ముదురు రంగు ఉన్న చర్మంలో దీనికి తోడు నల్లమచ్చ మిగులుతుంది, అది పోవడానికి నెలలు పడుతుంది, ఎండ తగిలితే ఇంకా ఎక్కువ.

మరి కడ్డీతో నొక్కని చోట, అంటే చెంపల మీద గడ్డలు ఎందుకు వచ్చాయని అడిగాను. మొటిమల స్వభావం ఉన్న చర్మంలో పైకి నున్నగా కనిపించే చోట కూడా రంధ్రాల్లో కంటికి ఆనని మూతలు మొదలై ఉంటాయట. అవి పైకి కనిపించే స్థాయికి రావడానికి వారాలు పడుతుంది. చిక్కటి నూనె క్రీమ్ పూసి, అంతసేపు ఒత్తిడితో రుద్దితే ఆ మూతలు ఇంకా బిగుస్తాయి, కొన్ని లోపలే పగులుతాయి. నా గడ్డలు అంత ఆలస్యంగా రావడానికి ఆవిడ చెప్పిన కారణం అదే. పార్లర్‌లో వాడిన డబ్బా ఫోటో నా దగ్గర ఉంటే చూపించాను. మొదటి వరుసలోనే కోకో బటర్, ఐసోప్రొపైల్ మిరిస్టేట్ ఉన్నాయి. రెండూ రంధ్రాలు పూడ్చే గుణం ఉన్నవిగా చెప్పుకునేవే. పొడి చర్మం ఉన్నవాళ్లకి ఇదే క్రీమ్ హాయిగా ఉండొచ్చు. నా అక్క అదే పార్లర్‌లో అదే ఫేషియల్ చేయించుకుంటుంది, ఆమెకి ఒక్క గింజ కూడా రాలేదు.

నేను అప్పటిదాకా ఎక్స్‌ట్రాక్షన్ ఒక్కటే ప్రమాదమని, మిగతాదంతా సుఖమని అనుకునేదాన్ని. నా విషయంలో ఎక్కువ హాని చేసింది అందరూ ఇష్టపడే ఆ మసాజే. స్క్రబ్ కూడా తక్కువ తినలేదు. చీము ఉన్న మొటిమల మీదుగా గరుకు పొడి రుద్దితే వాటి తలలు తెగుతాయి, చర్మం పైపొర గీసుకుపోతుంది.

ఆరోజే గింజలు తీసేస్తారని వెళ్లాను కానీ ఆవిడ తీయలేదు. ముందు మందు వాడమన్నారు. అడాపలిన్ 0.1 శాతం జెల్, రాత్రిపూట, ముఖమంతటికీ కలిపి బఠాణీ గింజంత. గింజ ఉన్నచోట చుక్కలా కాకుండా ఆ ప్రాంతమంతా పలచగా రాయాలి, ఎందుకంటే అది పనిచేసేది ఇంకా కనబడని మూతల మీద. గర్భం ఉన్నా, గర్భం కోసం ప్రయత్నిస్తున్నా ముందే చెప్పాలని, అప్పుడు ఇది ఇవ్వనని కూడా చెప్పి, అలాంటిదేమీ లేదని అడిగి తెలుసుకున్నారు. మొదట్లో రోజు విడిచి రోజు రాశాను. చర్మం ఎండి, ముక్కు పక్కన పొట్టు లేచింది, కొత్తగా కొన్ని మొటిమలూ వచ్చాయి. మాయిశ్చరైజర్ రాసుకుంటూ కొనసాగించాను. దీని ఫలితం చూడాలంటే రెండు మూడు నెలలు పడుతుందని ముందే చెప్పడం వల్ల మధ్యలో ఆపలేదు. ఇలా కొన్ని వారాలు వాడాక లోపలి బిళ్లలు వదులై, తీయడం తేలికవుతుంది. నుదుటి గింజల్లో చాలావరకు తీయక్కర్లేకుండా వాటంతటవే పోయాయి కూడా. మిగిలిన మొండివాటికే ఎక్స్‌ట్రాక్షన్ అవసరమైంది.

దానికి కొన్ని రోజుల ముందు జెల్ ఆపించారు, చర్మం పొట్టు లేచే స్థితిలో ఉంటే గీసుకుపోతుందని. ఆరోజు ఆవిరి పట్టలేదు. ముఖం కడిగించి స్పిరిట్ దూదితో తుడిచి, ప్యాకెట్‌లోంచి కొత్త సూది తీశారు. నోరు తెరుచుకుని ఉన్న బ్లాక్‌హెడ్స్‌కి సూదితో పనిలేదు, చిన్న రంధ్రం ఉన్న లోహపు పరికరాన్ని బిళ్ల చుట్టూ ఆనించి నిలువుగా కొద్దిగా నొక్కితే వచ్చేసింది. వైట్‌హెడ్స్‌కి మాత్రం సూది మొనతో పై పొరని చర్మానికి సమాంతరంగా కొంచెం తెరిచి, ఆ తర్వాత నొక్కారు. చీమ కుట్టినంత నొప్పి, ముక్కు దగ్గర కాస్త ఎక్కువ. నేను గమనించిన ముఖ్యమైన తేడా ఏంటంటే, ఒక్కోదాన్ని ఒకటి రెండుసార్లు మాత్రమే నొక్కి, రాకపోతే వదిలేశారు. పార్లర్‌లో రాని దాన్ని రక్తం వచ్చేదాకా నొక్కేవారు, నా కళ్లలో నీళ్లు తిరిగేవి. "మొండిగా ఉందంటే ఇంకా పక్వానికి రాలేదని. ఇంకో నెల జెల్ రాస్తే దానంతటదే వదులవుతుంది" అన్నారు డాక్టర్ గారు. ఆవిడ మొత్తం ముఖం మీద తీసినవి కూడా తక్కువే. ఎర్రగా ఉన్నవాటి చుట్టుపక్కలకి కూడా పరికరం పోలేదు.

ఇంటికి వచ్చాక చుక్కచుక్కలుగా ఎరుపు సాయంత్రానికి తగ్గింది, మర్నాటికి రెండు చోట్ల తప్ప కనబడలేదు. ఆరోజు మేకప్ వద్దన్నారు, జెల్ రెండు మూడు రోజులు వద్దన్నారు. సున్నితమైన ఫేస్‌వాష్, నూనె లేని మాయిశ్చరైజర్, పగలు ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్, అంతే. తీసిన చోట సన్నటి పొక్కు కడితే గోకకూడదు. ఎరుపు రెండో రోజుకి తగ్గకుండా పెరుగుతున్నా, వేడిగా ఉబ్బుతున్నా, చీము చేరుతున్నా అది మామూలు ఎరుపు కాదు, ఇన్ఫెక్షన్ అయి ఉండొచ్చు, వెంటనే చూపించాలి. ముక్కుకీ పై పెదవికీ మధ్య భాగంలో అయితే అసలు ఆలస్యం చేయకూడదు. అక్కడి రక్తనాళాలకి తల లోపలి నాళాలతో సంబంధం ఉంది. చాలా అరుదే అయినా ఆ దారిలో ఇన్ఫెక్షన్ లోపలికి పాకితే ప్రాణం మీదికి వస్తుంది.

ఎంత తరచుగా అన్నదానికి పార్లర్‌లో నాకు ఎప్పుడూ దొరికిన జవాబు "నెలకోసారి" అని. చర్మం పైపొర కొత్తదిగా మారడానికి దాదాపు నెల పడుతుంది కాబట్టి ఆ లెక్క వచ్చింది. మొటిమలు రాని చర్మానికి, ఇష్టంగా ఉంటే, అందులో తప్పు లేదు. మానేసినా నష్టం లేదు, ఎందుకంటే ఈ నెల ఫేషియల్ ఫలితం వచ్చే నెల ఫేషియల్‌కి తోడై పేరుకునేదేమీ కాదు. మొటిమల చర్మానికి మాత్రం క్యాలెండర్ చూసి వెళ్లడం పనికిరాదు. తీయదగ్గ గింజలు ఉంటేనే తీయించాలి. నాకు మొదట్లో నెల, నెలన్నర ఎడంతో తీశారు. జెల్ తన పని చేస్తున్న కొద్దీ తీయడానికి ఏమీ మిగల్లేదు, ఇప్పుడు ఆ ఎడం చాలా పెరిగింది. తీసిన గింజ మళ్లీ పుట్టకుండా ఆపేది ఎక్స్‌ట్రాక్షన్ కాదు, రోజూ రాసే మందే. ఎక్స్‌ట్రాక్షన్ ఆ ఒక్క గింజని త్వరగా పంపిస్తుంది, అదొక్కటే దాని పని. మందు లేకుండా నెలనెలా తీయించుకుంటూ పోతే అదే చోట అదే బిళ్ల మళ్లీ కడుతుంది. పార్లర్‌కి తిరిగినన్నాళ్లూ నా గడ్డం మీద జరిగింది అదే.

ముఖ్యమైన రోజు ముందు ఫేషియల్ చేయించుకోవాలనుకునేవాళ్లు ఈ ఆలస్యాన్ని గుర్తుపెట్టుకోవాలి. ఎక్స్‌ట్రాక్షన్ ఎరుపుకి, పొక్కులకి వారం చాలు. కానీ కొత్త క్రీమ్‌తో మసాజ్ చేయించుకుంటే దాని అసలు ఫలితం మూడు వారాల తర్వాత తెలియవచ్చు. అంచేత ఆ రోజుకి ముందు నెలలో కొత్తదేదీ మొదలుపెట్టకపోవడం మేలు.

నేను ఇప్పుడూ పార్లర్‌కి వెళ్తాను, ఏడాదిలో ఎప్పుడైనా, అలసట తీరాలనిపించినప్పుడు. వెళ్లగానే చెప్పేస్తాను: స్టీమ్ వద్దు, స్క్రబ్ వద్దు, ముఖానికి మసాజ్ వద్దు, బ్లీచ్ వద్దు, గింజలు ముట్టుకోవద్దు. సున్నితంగా క్లెన్సింగ్ చేసి, నూనె లేని జెల్ ప్యాక్ వేసి, మసాజ్ మెడకీ భుజాలకీ చేయమంటాను. విశ్రాంతి అంతా అందులోనే దొరుకుతోంది. మొదట్లో ఆ అమ్మాయి "మసాజ్ లేకపోతే ఫేషియల్ ఏముంది మేడమ్" అంది. చెంపల మీద మచ్చలు చూపించి కారణం చెప్పాను. ఇప్పుడు మొటిమలతో వచ్చే వేరేవాళ్లని కూడా ముందు డాక్టర్‌కి చూపించుకోమంటోందట. ముఖం మీద చీము మొటిమలు ఉన్న రోజుల్లో, పెదవి దగ్గర జలుబు పొక్కులు లేచినప్పుడు నేను అసలు వెళ్లను. మొటిమలకి ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడుతున్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఆ మందుతో చర్మం పలచగా, పెళుసుగా ఉంటుంది, వ్యాక్స్ చేస్తే పొర ఊడి వస్తుంది. మాత్రలు ఆపాక కూడా ఆరు నెలలు ముఖానికి వ్యాక్స్ వద్దంటారు. రసాయనంతో పైపొర ఊడదీసే పీల్, ఎక్స్‌ట్రాక్షన్ లాంటివేవైనా మాత్ర రాసిన డాక్టర్‌ని అడగకుండా చేయించుకోకూడదు.

ఎవరైనా పార్లర్‌లోనే బ్లాక్‌హెడ్స్ తీయించుకోవాలనుకుంటే పరికరాన్ని ఎలా శుభ్రం చేస్తున్నారో అడగాలి. స్పిరిట్‌లో ముంచి తీసి తర్వాతి మనిషికి వాడితే అది స్టెరిలైజ్ చేసినట్టు కాదు. సూది గుచ్చిన చోట, రక్తం తగిలిన చోట హెపటైటిస్ బి లాంటివి ఒకరి నుంచి ఒకరికి పోతాయి, ఆ వైరస్ బయట ఎండిన ఉపరితలం మీద కూడా వారం రోజులు బతికి ఉండగలదు. లోహపు పరికరాన్ని ఒత్తిడితో కూడిన ఆవిరితో క్రిములని చంపే ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల దగ్గర కనీసం పావుగంట ఉంచాలి, సూది మాత్రం మన కళ్లముందే ప్యాకెట్ చించినదై ఉండాలి, చేతికి కొత్త గ్లవ్స్ ఉండాలి. ఇవి అడిగితే ముఖం చిట్లించే చోట నేను పడుకోను.

చెంపల మీద లోతు గడ్డలు రావడం ఆగిపోయింది. మచ్చల్లో పలచనివి సన్‌స్క్రీన్‌తో, జెల్‌తో నెలల మీద చెరిగాయి. గుంట పడిన రెండు అలాగే ఉన్నాయి. వాటికి క్రీములు పనిచేయవని, సూదులతోనో లేజర్‌తోనో చేసే చికిత్స కావాలని, అది కూడా కొత్త మొటిమలు పూర్తిగా ఆగాకే మొదలుపెడదామని డాక్టర్ గారు చెప్పారు.